ఇంపాసిబుల్ ప్యాకెట్టు, మేక కీమా: ప్రోటీన్, బైండరు, సోడియం ఎలా పోల్చాలి?

రవికిరణ్ (ప్లేనో, టెక్సాస్)

అందరికీ నమస్కారం. మా అమ్మగారు గుంటూరు నుంచి వచ్చి ఈ వేసవంతా మా దగ్గరే ఉంటున్నారు. ఆవిడ రక్తపోటుకు మాత్రలు వేసుకుంటారు, ఉప్పు బాగా తగ్గించమని డాక్టరు గారు చెప్పి పంపారు. నేను మాంసం మానేశాను, ఆవిడకు మాత్రం వారానికి ఒకసారైనా కీమా కూర ఉండాలి. ఇద్దరికీ ఒకే కూరతో సరిపోతుందన్న ఆలోచనతో మేక కీమాకు బదులుగా ఇంపాసిబుల్ అనే కంపెనీ వారి మాంసంలాంటి కీమా, 12 ఔన్సుల ప్యాకెట్టు తెచ్చాను.

ప్యాకెట్టు వెనక ఒక వడ్డనకు, అంటే 113 గ్రాములకు, ప్రోటీన్ 19 గ్రాములు, సోడియం 370 మిల్లీగ్రాములు అని ఉంది. పదార్థాల జాబితాలో నీళ్ళు, సోయా ప్రోటీన్ కాన్సెంట్రేట్, పొద్దుతిరుగుడు నూనె, కొబ్బరి నూనె తరువాత, రెండు శాతం లేదా అంతకన్నా తక్కువ ఉన్నవంటూ మెథైల్ సెల్యులోజ్, పిండిపదార్థం, ఈస్ట్ సారం, ఉప్పు వగైరా రాశారు. నా సందేహాలు మూడే. ఈ 19 గ్రాములు మాంసంలోని 19 గ్రాములతో సమానమేనా? మెథైల్ సెల్యులోజ్ అక్కడ ఏం చేస్తోంది? అమ్మగారి విషయంలో ఆ 370ని ఎలా అర్థం చేసుకోవాలి?

పెదబాబు (తెనాలి)

రవి గారూ, మాంసంలో ఉప్పు ఉండదు, మీ ప్యాకెట్టులో ఉంది. రక్తపోటు ఉన్న మనిషికి ఏది పెట్టాలో చెప్పడానికి ఇంతకన్నా లెక్క అవసరం లేదు. ఇక మెథైల్ సెల్యులోజ్ అంటారా, గోడలకు కాగితాలు అంటించే జిగురులో వాడేది అదే. చెట్ల గుజ్జు నుంచి తీసిన దాన్ని కన్నతల్లికి కూరలో కలిపి పెడతారా? ఊళ్ళో మా మాంసం కొట్టతను మన కళ్ళ ముందే కత్తితో కొట్టి ఇస్తాడు, అందులో ఏ జాబితా అక్కర్లేదు.

అనిల్ (హ్యూస్టన్)

ప్రయోగశాలలో కణాల నుంచి పెంచే మాంసం గురించే కదా మీరు అడుగుతున్నది? అది ఇంకా మామూలు దుకాణాల్లో దొరకడం లేదనుకున్నాను. దొరికితే అందులో ప్రోటీన్ అసలు మాంసంతో సమానంగానే ఉండాలి, ఎందుకంటే అవి జంతువు కణాలే.

సుధామాధురి (హైదరాబాద్)

అనిల్ గారూ, ఇది కణాల నుంచి పెంచినది కాదు, సోయాతో చేసినది. అందులో ఎర్రటి రంగునూ మాంసపు వాసననూ ఇచ్చే లెగ్‌హిమోగ్లోబిన్‌ను కూడా ఈస్ట్ ద్వారానే తయారు చేస్తారు, జంతువు ప్రమేయం ఉండదు.

రవికిరణ్ గారూ, నేను కొన్నేళ్ళు సోయా ఉత్పత్తులు తయారు చేసే కర్మాగారంలో నాణ్యత విభాగంలో పనిచేశాను కనుక మీ మొదటి ప్రశ్నతో మొదలుపెడతాను. మీ ప్యాకెట్టు మీదే దానికి సమాధానం ఉంది, కాని చాలామంది గ్రాముల దగ్గరే ఆగిపోయి పక్కనున్న శాతాన్ని చూడరు. అమెరికా లేబుళ్ళలో ప్రోటీన్‌కు రోజువారీ ప్రమాణం 50 గ్రాములు. ఆ లెక్కన 19 గ్రాములంటే 38 శాతం కావాలి. మీ ప్యాకెట్టు మీద మాత్రం 31 శాతం అని ఉంటుంది, చూడండి. అచ్చుతప్పు కాదది. అక్కడ శాతం రాసేటప్పుడు ప్రోటీన్ ఎంత జీర్ణమవుతుంది, అందులోని అమైనో ఆమ్లాలు మన శరీరానికి కావలసిన పాళ్ళలో ఉన్నాయా అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలని నియమం ఉంది. 31ని 38తో భాగిస్తే సుమారు 0.82 వస్తుంది. అంటే మీ 19 గ్రాములను ఆ కొలతలో పదిహేనున్నర గ్రాములుగా లెక్కించారన్నమాట.

మేక మాంసం పచ్చిది, కొవ్వు తీసేసినది, 113 గ్రాములు తీసుకుంటే ప్రోటీన్ సుమారు 23 గ్రాములు ఉంటుంది, దాని నాణ్యతకు పెద్దగా కోత పడదు. కాబట్టి తేడా ఉంది. అయితే ఒక మాట. సోయాలో కొరత పడేది ముఖ్యంగా మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం. మనం ఈ కూరను ఉత్తగా తినం, అన్నంతోనో చపాతీతోనో తింటాం. బియ్యంలో లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువ, మెథియోనిన్ మాత్రం ఫరవాలేదు. సోయాలో లైసిన్ దండిగా ఉంటుంది. కూరా అన్నమూ కలిసి ఒకదాని లోటును మరొకటి చాలావరకు పూడుస్తాయి. లేబుల్ మీది కోత ఆ పదార్థాన్ని ఒంటరిగా తిన్నట్టు లెక్కగట్టినది కనుక, కంచంలో తేడా లేబుల్ చూపినంత ఉండదు.

ఇండియాలో కొనే ప్యాకెట్లకు ఈ పద్ధతి పనిచేయదు. ఇక్కడ ప్రోటీన్ గ్రాములు ఉంటాయే గాని నాణ్యతను బట్టి తగ్గించిన అంకె ఉండదు. అందువల్ల పదార్థాల జాబితానే చూడాలి. సోయా ముందుంటే నిశ్చింతే. బఠాణీ ప్రోటీన్ అయినా పెద్ద లోటు లేదు. గోధుమ గ్లూటెన్ ముందుంటే మాత్రం గ్రాములు ఎంత ఘనంగా కనిపించినా నాణ్యత బాగా తక్కువని తెలుసుకోవాలి, ఎందుకంటే దానిలో లైసిన్ చాలా కొరత, మనం పక్కన తినే అన్నమూ ఆ కొరతను తీర్చలేదు.

లక్ష్మీప్రసన్న (ఎడిసన్, న్యూజెర్సీ)

గ్లూటెన్ మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. మా అబ్బాయికి సీలియాక్ జబ్బు ఉంది, గోధుమ రవ్వంత తగిలినా కడుపు నొప్పితో విలవిలలాడతాడు. ఒకసారి తెలిసినవారి ఇంట్లో ఇలాంటి కట్లెట్లు పెట్టారు, మాంసం కాదు, మొక్కలవే కదా అని మేమూ జాగ్రత్తపడలేదు. తరువాత కవరు చూస్తే రెండో పదార్థమే గోధుమ గ్లూటెన్. ఈ ఇంపాసిబుల్‌లో కూడా గోధుమ ఉంటుందని ఎక్కడో చదివినట్టు గుర్తు. రవికిరణ్ గారు చెప్పిన జాబితాలో ఎందుకు లేదు?

సుధామాధురి (హైదరాబాద్)

మీరు చదివింది పాత సంగతి, ప్రసన్న గారూ. మొదట్లో వారు గోధుమ ప్రోటీన్‌నే వాడారు. 2019 జనవరిలో మిశ్రమం మార్చి, దాని స్థానంలో సోయా ప్రోటీన్ పెట్టారు. అంతకుముందు రాసిన వ్యాసాలు ఇంకా అంతర్జాలంలో తిరుగుతూనే ఉన్నాయి. మీ అబ్బాయి విషయంలో మాత్రం వ్యాసాలనూ నా మాటనూ పట్టించుకోకుండా, కొన్న ప్రతిసారీ చేతిలో ఉన్న కవరునే చదవండి. ఈ రంగంలో ఒకే పేరుతో అమ్మే సరుకు లోపలి పాళ్ళు తరచుగా మారిపోతుంటాయి.

నరసింహమూర్తి (రాజమహేంద్రవరం)

విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. నాకు అర్థంకానిది ఒకటే. సోయాయే కావాలనుకుంటే మన మీల్ మేకర్ ఏం పాపం చేసింది? వంద గ్రాముల మీల్ మేకర్‌లో 52 గ్రాముల ప్రోటీన్ ఉంటుందని కవరు మీదే రాస్తారు. అంటే మాంసానికి రెండింతలకు పైమాటే. ధర చూస్తే ఆ విదేశీ ప్యాకెట్టులో పదో వంతు కూడా ఉండదు. మా ఇంట్లో పెళ్ళిళ్ళకు మీల్ మేకర్ కుర్మా చేయిస్తే, మాంసాహారులు కూడా రెండోసారి అడిగి వేయించుకుంటారు.

సుధామాధురి (హైదరాబాద్)

మాస్టారూ, ఆ 52 గ్రాములు ఎండు మీల్ మేకర్‌కు చెప్పిన లెక్క. నానబెట్టి పిండాక బరువు దాదాపు మూడింతలవుతుంది, ప్రోటీన్ మాత్రం అంతే ఉంటుంది. అప్పుడు వంద గ్రాములకు పదిహేడు చిల్లర వస్తుంది. మాంసాన్ని మనం తడి బరువుతో కొలుస్తున్నాం కనుక దీన్ని కూడా తడి బరువుతోనే కొలవాలి. అలా చూస్తే ఇది మాంసం కన్నా కాస్త తక్కువ, రవికిరణ్ గారి ప్యాకెట్టుతో దాదాపు సమానం.

అయితే సోడియం విషయంలో మీరు చెప్పిన సరుకుదే పైచేయి. నూనె తీసిన సోయా పిండిని యంత్రంలో వేడితోనూ ఒత్తిడితోనూ ఉబ్బించడమే తప్ప మామూలు మీల్ మేకర్‌లో ఉప్పు కలపరు. సోయా పిండికి సహజంగా ఉండే సోడియం లెక్కలోకి రానంత స్వల్పం. దాన్ని ఎంత శుద్ధి చేస్తే సోడియం అంత పెరిగే అవకాశం ఉంది. ప్రోటీన్ ఐసొలేట్ అనేది తయారు చేసేటప్పుడు పిండిని క్షారంలో కరిగించి, ఆమ్లంతో ప్రోటీన్‌ను విరిచి, ఆ పులుపు పోవడానికి మళ్ళీ సోడియం హైడ్రాక్సైడ్ కలుపుతారు. ఆ సోడియం అందులోనే మిగిలిపోతుంది. సాధారణ సోయా ఐసొలేట్ వంద గ్రాములలో సుమారు వెయ్యి మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, చిటికెడు ఉప్పు కూడా వేయకుండానే. అందువల్ల జాబితాలో ఉప్పు చివర ఎక్కడో ఉందని చూసి సోడియం తక్కువని అనుకోకూడదు. పోషకాల పట్టికలోని అంకె ఒక్కటే నమ్మదగినది.

రవికిరణ్ (ప్లేనో, టెక్సాస్)

సుధామాధురి గారూ, ధన్యవాదాలు. 31 శాతం నిజంగానే ఉంది, ఇన్నాళ్ళూ దాని వంక చూడలేదు. ఇప్పుడు ముద్దను కలిపి పట్టుకునే బైండరు, అంటే ఆ మెథైల్ సెల్యులోజ్ సంగతి చెప్పండి. నిన్న సాయంత్రం ఈ ప్యాకెట్టుతో షామీ కబాబుల్లాంటివి చేద్దామని, వేయించిన ఉల్లిపాయలూ అల్లం వెల్లుల్లీ వేడివేడిగా ఉండగానే కలిపేశాను. ముద్ద పట్టు చిక్కలేదు, పెనం మీద విరిగిపోయాయి. పోనీ అని కూరగా మార్చాను. గిన్నె దించినప్పుడు ముక్కలు గట్టిగానే ఉన్నాయి, అమ్మగారు ఆలస్యంగా తినేసరికి మెత్తబడిపోయాయి.

పెదబాబు (తెనాలి)

గోడ జిగురు అలాగే చేస్తుంది మరి.

సుధామాధురి (హైదరాబాద్)

పెదబాబు గారూ, ఆ జిగురులో వాడతారన్న మాట నిజమే. దుప్పట్లు నేసే పత్తి నుంచి కూడా దాన్ని తీయవచ్చు, మలబద్ధకానికి మందుగానూ అమ్ముతారు. మన పేగులు దాన్ని అరిగించుకోలేవు, అది పీచులాగే బయటికి పోతుంది. వాడేది కూడా రెండు శాతం లోపే. కాని నన్నడిగితే, అది ఎక్కడెక్కడ వాడతారన్న దానికన్నా ఇక్కడ ఎందుకు వాడాల్సి వచ్చిందన్నదే ముఖ్యం.

మేక కీమాకు బైండరు ఎందుకు అక్కర్లేదు? కబాబుల వంటవాడు కీమాలో ఉప్పు వేసి చేత్తో బాగా పిసకడం చూసే ఉంటారు. అలా చేసినప్పుడు కండలోని మయోసిన్ అనే ప్రోటీన్ ఉప్పుకు కరిగి జిగటగా బయటికి వస్తుంది, వేడి తగలగానే గట్టిపడి ముక్కలన్నిటినీ కలిపి పట్టుకుంటుంది. అంటే మాంసంలోని బైండరు మాంసమే. సోయా ప్రోటీన్‌ను కర్మాగారంలో ఒకసారి వేడి చేసి పీచులాగా మలిచేశారు కనుక దానికి మళ్ళీ అతుక్కునే గుణం మిగలదు. ఆ మయోసిన్ చేసే పనిని మెథైల్ సెల్యులోజ్‌కు అప్పగించారు.

దీని స్వభావం మనకు అలవాటైన వాటికి పూర్తిగా విరుద్ధం. మేక కాళ్ళ సూపు చల్లారితే గడ్డకడుతుంది, వేడి చేస్తే కరుగుతుంది. మెథైల్ సెల్యులోజ్ చల్లగా ఉన్నప్పుడు నీటిలో కరిగి జిగురుగా ఉంటుంది, సుమారు 50, 60 డిగ్రీలు దాటాక గట్టిపడుతుంది, చల్లారితే మళ్ళీ జారిపోతుంది. మీకు జరిగిన రెండూ దీనివల్లే. వేడి ఉల్లిపాయలు కలిపినప్పుడు అక్కడక్కడ అది ముందే గట్టిపడింది, ఆ తరువాత ముద్ద చేసినా ఒకదానితో ఒకటి అతకలేదు. కూర చల్లారాక ముక్కలు మెత్తబడటానికీ కారణం ఇదే.

కాబట్టి కబాబులకు ఉల్లిపాయలు పూర్తిగా చల్లార్చాకే కలపండి. ముద్దలు చేసి ఫ్రిజ్‌లో కొంతసేపు ఉంచి, బాగా కాగిన పెనం మీద వేయండి, అడుగు గట్టిపడేవరకు కదపకండి. పొడిపొడిగా కీమా కూర కావాలంటే దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, ప్యాకెట్టు చల్లగా ఉండగానే చేత్తో బాగా చిదిమి, అప్పుడు పెనంలో వేయాలి. గడ్డగా వేసి పెనంలో గరిటెతో విడగొడదామనుకుంటే గడ్డలు గడ్డలుగానే గట్టిపడతాయి. మేక కీమాలాగా అరగంట ఉడికించాల్సిన పని కూడా లేదు. మసాలా అంతా ముందుగా ఉడికించుకొని, చివరిలో దీన్ని వేసి కొద్ది నిమిషాల్లో దించేయవచ్చు.

అనిల్ (హ్యూస్టన్)

నేను వ్యాయామశాలకు వెళతాను, కోడి రొమ్ము మాంసమే ఎక్కువ తింటాను. మూడో ప్రశ్న నాకూ కావాలి. పెదబాబు గారన్నట్టు పచ్చి మాంసంలో నిజంగా సోడియం ఉండదా? నేను కొనే కోడి మాంసం కవరు మీద సోడియం అంకె ఉంటుంది, అదీ చిన్నదేమీ కాదు.

సుధామాధురి (హైదరాబాద్)

ఉంటుంది. మేక మాంసంలో వంద గ్రాములకు సుమారు 80 మిల్లీగ్రాములు, కోడి రొమ్ము మాంసంలో అంతకన్నా తక్కువ. రక్తం, కండ ఉన్నచోట సోడియం లేకుండా ఉండదు. అనిల్ గారు చూసినది మాత్రం వేరే సంగతి. అమెరికాలో కొంత కోడి మాంసానికి ఉప్పునీళ్ళో, ఉప్పు కలిపిన రసమో ఎక్కించి అమ్ముతారు. ఎంత శాతం కలిపారో కవరు ముందుభాగంలో చిన్నగా రాసి ఉంటుంది. అటువంటి మాంసంతో పోలిస్తే మొక్కల ప్యాకెట్టుకూ దానికీ సోడియంలో ఉన్న దూరం బాగా తగ్గిపోతుంది. పచ్చి మాంసంతో కాకుండా నగ్గెట్లతోనో సాసేజీలతోనో పోలిస్తే ఒక్కోసారి ప్యాకెట్టే నయమనిపిస్తుంది.

రవికిరణ్ గారికి కావలసిన పోలిక ప్యాకెట్టుకూ పచ్చి మాంసానికీ మధ్య కాదు, రెండు కూరల మధ్య. ఆ లెక్క వేసి చూపిస్తాను.

మీ 12 ఔన్సుల ప్యాకెట్టు 340 గ్రాములు, మూడు వడ్డనలు, సోడియం 1110 మిల్లీగ్రాములు. అంతే బరువున్న మేక కీమాలో సుమారు 280. ఇంతవరకు చూస్తే ప్యాకెట్టులో నాలుగు రెట్లు. ఇప్పుడు కూరలో మీ ఇంట్లో ఒక చెంచా ఉప్పు, అంటే ఆరు గ్రాములు వేస్తారనుకుందాం. ఒక గ్రాము ఉప్పులో సుమారు 393 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది కనుక, ఆ చెంచాతో దాదాపు 2360 చేరుతుంది. మేక కూర మొత్తం 2640, ముగ్గురికి పంచితే తలా 880. అలవాటు కొద్దీ ప్యాకెట్టు కూరలోనూ అదే చెంచా వేస్తే మొత్తం 3470, తలా 1157. మీ అమ్మగారికి వచ్చే చిక్కు ఇక్కడుంది. ప్యాకెట్టులోని ఉప్పు కన్నా, అందులో ఉప్పు ఉందని మరిచి మళ్ళీ వేసే ఉప్పుతోనే ఎక్కువ ఇబ్బంది.

రెండు కూరలూ సమానం కావాలంటే ప్యాకెట్టు కూరలో 830 మిల్లీగ్రాములు తగ్గాలి. అంటే రెండు గ్రాముల పైచిలుకు ఉప్పు, చెంచాలో మూడో వంతు. మూడింట రెండు వంతుల చెంచా వేస్తే సరిపోతుంది, రుచిలోనూ లోటు తెలియదు, ఎందుకంటే ఆ మిగతా ఉప్పు ప్యాకెట్టులోనే ఉంది. సీసాలో అమ్మే అల్లం వెల్లుల్లి ముద్ద వాడేవారైతే అందులోనూ ఉప్పు ఉంటుంది, దాన్ని కూడా చూసుకోండి.

పెదబాబు (తెనాలి)

అమ్మా, లెక్క బాగానే ఉంది. కాని మేక కూరలోనూ ఆ మూడో వంతు తగ్గించి వండితే అప్పుడు మళ్ళీ మేకదే పైచేయి కదా? ఉప్పు మన చేతిలో ఉన్నప్పుడు ఎంతైనా తగ్గించుకోవచ్చు, కర్మాగారం వేసినదాన్ని వెనక్కి తీయలేం.

సుధామాధురి (హైదరాబాద్)

ఆ మాట ఒప్పుకోవలసిందే. ప్యాకెట్టుతో వండితే ఉప్పు అసలు వేయకపోయినా తలా 370కి తగ్గదు. మేక కీమాతో అయితే 93 దాకా దిగవచ్చు. డాక్టరు గారు ఆవిడకు గట్టి పరిమితి పెట్టి ఉంటే ఈ తేడా చిన్నది కాదు.

నరసింహమూర్తి (రాజమహేంద్రవరం)

అలాగైతే నా మీల్ మేకర్ సంగతేమిటి? దాన్ని నానబెట్టి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే కీమాలాగే ఉంటుంది. ఉప్పూ మన చేతిలోనే, మాంసం మానేసిన అబ్బాయికీ సరిపోతుంది.

సుధామాధురి (హైదరాబాద్)

సోడియం ఒక్కటే చూస్తే మూడింటిలో అదే మొదటిది, మాస్టారూ. కూరకు ఇబ్బంది లేదు. కబాబులకు మాత్రం దానికదే అతకదు, ఉడికించిన శనగపప్పో, వేయించిన శనగపిండో కలపక తప్పదు. నానబెట్టే నీళ్ళలో ఉప్పు వేసే అలవాటు మాత్రం మానండి, అది స్పంజిలా పీల్చుకుంటుంది.

లక్ష్మీప్రసన్న (ఎడిసన్, న్యూజెర్సీ)

కొవ్వు గురించి ఎవరూ మాట్లాడలేదు. జాబితాలో కొబ్బరి నూనె ఉంది. రక్తపోటు ఉన్నవారికి అది కూడా చూడాలి కదా?

సుధామాధురి (హైదరాబాద్)

చూడాలి. ఆ ప్యాకెట్టును ఇరవై శాతం కొవ్వుండే ఆవు మాంసపు కీమాకు దీటుగా తయారు చేశారు, మేక మాంసానికి కాదు. వారి ప్రకటనల్లోని పోలికలన్నీ దానితోనే ఉంటాయి. మేక మాంసం సహజంగా కొవ్వు తక్కువది, కనుక ఆ పోలికలు మన వంటింటికి యథాతథంగా వర్తించవు. అయితే కొట్లో ఇచ్చే కీమాలో కొవ్వు ఎంత కలిసిందో కొట్టించుకున్నవారికే తెలియాలి, అందుచేత కచ్చితమైన అంకె ఇవ్వడం నా వల్ల కాదు. తొడ మాంసం ఎంచుకొని కొవ్వు తీయించి కొట్టించుకుంటే ఒక లెక్క, కవరులో సిద్ధంగా ఉన్నది కొంటే మరో లెక్క.

రవికిరణ్ (ప్లేనో, టెక్సాస్)

అమ్మగారికి ఈ చర్చ అంతా చదివి వినిపించాను. మీల్ మేకర్ తినడానికి ఒప్పుకున్నారు గాని, పక్కన ఆవకాయ ఉండాలన్నారు. ఆవకాయలో సోడియం ఎంత ఉంటుందో ఎవరైనా లెక్కగట్టారా? ఇంట్లో పెట్టినదానికి లేబుల్ ఉండదు కదా.

పెదబాబు (తెనాలి)

మీ అమ్మగారు జాడీలో ఎన్ని కాయలకు ఎంత ఉప్పు పోశారో అడగండి, ఆవిడకు గుర్తుంటుంది. ఆవిడ లెక్క చెబితే ఇక్కడ సుధామాధురి గారు భాగిస్తారు.